పాయింటు దేనికి పడుతోంది?

పిల్లలు ఫోన్లోనో ట్యాబ్‌లోనో చదువుకునే యాప్‌లలో పాయింట్లు, బ్యాడ్జీలు, వరసగా ఎన్ని రోజులు వచ్చారో లెక్కపెట్టే స్ట్రీక్, తోటివాళ్లలో ఎన్నో స్థానమో చూపించే లీడర్‌బోర్డు లేనివి ఇప్పుడు తక్కువ. ఆటల్లోని ఈ హంగులను చదువుకి తగిలించడాన్నే గేమిఫికేషన్ అంటున్నారు. దీని గురించి తల్లిదండ్రులు రెండు రకాలుగా మాట్లాడుతుంటారు. "ఎలాగైతేనేం, పుస్తకం ముట్టనివాడు అరగంట కూర్చుని లెక్కలు చేస్తున్నాడు కదా" అని కొందరు సంతోషిస్తారు. "ఇదంతా ఒక వ్యసనం, యాప్ తీసిపారెయ్యాలి" అని ఇంకొందరు విసుక్కుంటారు. పరిశోధనలు చూస్తే ఇద్దరి మాటల్లోనూ కొంత నిజం ఉంది. అయితే ఇద్దరూ అడగని ప్రశ్న ఒకటుంది. యాప్ ఏ పనికి పాయింటు ఇస్తోంది? పాయింటు వచ్చే పనీ, పాఠం వచ్చే పనీ ఒకటేనా?

ఆ ప్రశ్నకి వెళ్లేముందు, బహుమతి ఆశ పిల్లల మనసుని ఏం చేస్తుందో చూపించిన ఒక పాత ప్రయోగం చెబుతాను. దీన్ని చాలామంది సగమే చెప్పి వదిలేస్తారు, అందుకని కాస్త వివరంగా చెప్పుకోవాలి. 1973లో మార్క్ లెపర్, డేవిడ్ గ్రీన్, రిచర్డ్ నిస్బెట్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం ఆవరణలో ఉన్న బింగ్ నర్సరీ స్కూల్లో మూడు నుంచి ఐదేళ్ల పిల్లల్ని గమనించారు. ఎవరూ చెప్పకుండానే స్కెచ్ పెన్నులు తీసుకుని బొమ్మలు గీసుకునే పిల్లల్నే ఎంచుకున్నారు. వాళ్లను మూడు గుంపులు చేశారు. మొదటి గుంపుకి "బొమ్మ గీస్తే బంగారు రంగు ముద్ర, రిబ్బను ఉన్న సర్టిఫికెట్ ఇస్తాం" అని ముందే చెప్పారు. రెండో గుంపుకి ఏమీ చెప్పకుండా, గీశాక అదే సర్టిఫికెట్ చేతిలో పెట్టారు. మూడో గుంపుకి బహుమతీ లేదు, ప్రస్తావనా లేదు.

ఒకటి రెండు వారాలు గడిచాక, బడిలో ఎవరిష్టం వచ్చిన ఆట వాళ్లు ఆడుకునే సమయంలో మళ్లీ పెన్నులు పెట్టి చాటుగా చూశారు. బహుమతి లేని పిల్లలు ఆ సమయంలో 17 శాతం దాకా బొమ్మలకి ఇచ్చారు. అనుకోకుండా బహుమతి అందుకున్నవాళ్లు 18 శాతం. ముందే మాట ఇచ్చి గీయించినవాళ్లు మాత్రం 9 శాతం కూడా దాటలేదు. బహుమతి కోసం గీసిన బొమ్మలు కూడా నాసిగా ఉన్నాయని, ఏ బొమ్మ ఏ గుంపుదో తెలియని పరీక్షకులు తేల్చారు.

ఇంతవరకు విని "చూశారా, బహుమతులు పిల్లల్ని పాడుచేస్తాయి" అనేస్తుంటారు. ఈ ప్రయోగం అంత మాట అనలేదు. బహుమతి అందుకున్న రెండు గుంపుల్లో ఒకదానికే నష్టం జరిగింది. దెబ్బ కొట్టింది సర్టిఫికెట్ కాదు, "ఇది చేస్తే అది ఇస్తా" అన్న ముందస్తు బేరం. పైగా వీళ్లంతా బొమ్మలంటే అప్పటికే ఇష్టం ఉన్న పిల్లలు. తర్వాత పాతికేళ్లపాటు ఇలాంటి ప్రయోగాలు ఎన్నో జరిగాయి. 1999లో ఎడ్వర్డ్ డెసి, రిచర్డ్ కోస్ట్నర్, రిచర్డ్ రయన్ అలాంటివి 128 కలిపి లెక్క తీశారు. ఇష్టమైన పనికి ముందే చెప్పి వస్తువో డబ్బో ఇస్తే ఆ ఇష్టం తగ్గుతుందని, పెద్దవాళ్లకన్నా పిల్లల్లో ఆ తగ్గుదల ఎక్కువని తేలింది. వీళ్లతో గట్టిగా వాదించిన జూడీ కామెరాన్ బృందం కూడా ఒక ముఖ్యమైన సంగతి చూపించింది. మొదట్నుంచీ ఆసక్తి లేని పనికి బహుమతి పెడితే పోయేదేమీ లేదు, కొంత మేలే జరగొచ్చు.

కాబట్టి మీ ఇంట్లో మొదట చూసుకోవాల్సింది యాప్ సంగతి కాదు, ఏ పని మీద మీ పిల్లకి అప్పటికే ప్రేమ ఉంది అన్నది. ఎక్కాలు, ఇంగ్లీషు స్పెల్లింగులు, మూలకాల సంకేతాలు సరదాగా నేర్చుకునే పిల్లలు అరుదు. వాటికి పాయింట్లు పెట్టుకుంటే నాకు ఏ అభ్యంతరమూ లేదు. కథల పుస్తకాలు తనంతట తాను చదివే పిల్లకి మాత్రం "ఎన్ని పేజీలు చదివితే అన్ని స్టార్లు" అనే యాప్ పెట్టకండి. తనకి తానే కోడ్ రాసి ఆడుకునేవాడికి, బొమ్మలు గీసుకునేదానికి, పిచ్చుకల్నీ పురుగుల్నీ చూస్తూ గంటలు గడిపేవాడికి పాయింట్లతో పని లేదు. వాళ్ల దగ్గర ఉన్నది పాయింట్లతో కొనితేలేనిది.

ఇక అసలు ప్రశ్నకి వద్దాం. ఒక లెక్క వేసి చూపిస్తే తేలిగ్గా అర్థమవుతుంది. ఆరో తరగతి పిల్ల, భిన్నాలు నేర్పే యాప్ అనుకోండి. నియమాలు ఇలా ఉన్నాయనుకుందాం. ఏ పాఠం పూర్తిచేసినా 10 పాయింట్లు. ఒక్క తప్పూ లేకుండా పూర్తిచేస్తే మరో 5. పాత పాఠం మళ్లీ చేసినా పాయింట్లు పడతాయి. వినడానికి న్యాయంగానే ఉంది.

ఈ పిల్లకి సజాతి భిన్నాల కూడిక బాగా వచ్చు. హారాలు ఒకటే కాబట్టి పైన ఉన్న లవాలు కూడితే చాలు. ఆ పాఠం రెండు నిమిషాల్లో, తప్పు లేకుండా అయిపోతుంది. విజాతి భిన్నాలు ఇంకా రావు. క.సా.గు కనుక్కోవాలి, హారాలు సమానం చేయాలి, ఆ తర్వాత కూడాలి. ఆ పాఠానికి పది నిమిషాలు పడుతుంది, రెండు మూడు తప్పులు వస్తాయి, అందుకని అదనపు 5 రావు. ఇప్పుడు అరగంట సమయం ఇవ్వండి. పాత పాఠమే తిప్పి తిప్పి చేస్తే పదిహేనుసార్లు పూర్తవుతుంది, 225 పాయింట్లు. కొత్త పాఠం నేర్చుకుంటే మూడు మాత్రమే పూర్తవుతాయి, 30 పాయింట్లు. నేర్చుకునే దారి కన్నా నేర్చుకోని దారిలో ఏడున్నర రెట్లు ఎక్కువ ఆదాయం. దానికి తోడు ఆదివారం రాత్రితో వారం పోటీ ముగుస్తుంది, పై లీగ్‌లోకి వెళ్లడానికి ఇంకో 200 కావాలి. పిల్ల ఏం చేస్తుంది? తెలివైన పిల్లయితే ఏం చేయాలో అదే చేస్తుంది.

సోమవారం మీరు కాగితం మీద మూడు బై ఎనిమిది, ఒకటి బై ఆరు కూడమంటారు. పైవి కూడి 4, కిందివి కూడి 14, జవాబు నాలుగు బై పద్నాలుగు అని రాస్తుంది. రావలసింది పదమూడు బై ఇరవై నాలుగు. వారమంతా వెయ్యి పాయింట్లు తెచ్చుకున్న పిల్లకి భిన్నాల్లో అందరూ మొట్టమొదట చేసే తప్పు ఇంకా పోలేదు. పోవడానికి అవకాశమే రాలేదు, ఎందుకంటే ఆ తప్పు బయటపడే పాఠం దగ్గరికి తను వెళ్లనే లేదు. దీనికి పిల్లని తిట్టి లాభం లేదు. యాప్ ఏ పనికి జీతం ఇచ్చిందో ఆ పని చేసింది.

పాయింట్లు ఎటు లాగుతాయో పరిశోధనల్లో కూడా ఇలాగే కనబడింది. న్యూజిలాండ్‌లోని ఆక్లండ్ విశ్వవిద్యాలయంలో పాల్ డెన్నీ ఒక పెద్ద తరగతిలో వెయ్యిమందికి పైగా విద్యార్థులతో ప్రయోగం చేసి 2013లో ఫలితాలు ప్రచురించారు. అక్కడ విద్యార్థులు తమ పాఠ్యాంశం మీద తామే ప్రశ్నలు తయారుచేస్తారు, తోటివాళ్లు చేసిన ప్రశ్నలకి జవాబులిస్తారు. సగం మందికి బ్యాడ్జీలు కనిపించేట్టు చేశారు, సగం మందికి లేదు. బ్యాడ్జీలున్నవాళ్లు ఎక్కువ ప్రశ్నలకి జవాబులిచ్చారు, ఎక్కువ రోజులు వచ్చారు. జవాబుల నాణ్యత తగ్గలేదు, అది మంచి సంగతే. కానీ ప్రశ్నలు తయారుచేయడంలో ఏ తేడా రాలేదు. సొంతంగా ప్రశ్న అల్లాలంటే పాఠం లోతుగా అర్థం కావాలి, తల బద్దలు కొట్టుకోవాలి. అంత కష్టం బ్యాడ్జీ కోసం ఎవరూ పడలేదు.

పిల్లలు యాప్‌ని బోల్తా కొట్టించే పద్ధతుల మీద కూడా పని జరిగింది. అమెరికాలో కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో రయన్ బేకర్, ఆయన సహచరులు కంప్యూటర్ మీద లెక్కలు నేర్చుకునే మాధ్యమిక పాఠశాల పిల్లల్ని తరగతిలో కూర్చుని పరిశీలించి 2004లో రాశారు. ఆ సాఫ్ట్‌వేర్లో సాయం కావాలంటే ఒక బటన్ ఉంటుంది. నొక్కినకొద్దీ సూచన ఇంకాస్త వివరంగా వస్తుంది, చివరి సూచనలో జవాబే ఉంటుంది. కొందరు పిల్లలు చదవకుండా టకటకా చివరిదాకా నొక్కి జవాబు ఎత్తి రాశారు. ఇంకొందరు ఒక్కో అంకె వరసగా వేసుకుంటూ పోయారు, ఏదో ఒకటి తగలకపోదు కదా. గమనించిన సమయంలో ఇది 3 శాతమే. అయినా పక్కవాడితో కబుర్లు చెప్పడం, కిటికీలోంచి చూడటం, నిద్రపోవడం వంటి అన్ని రకాల అల్లరికన్నా చదువుకి ఎక్కువ నష్టంతో ముడిపడి కనబడింది ఇదే. కబుర్లు చెప్పేవాడు కొంతసేపు పాఠం వదిలేస్తాడు, అంతే. ఇక్కడ పిల్లాడు సరిగ్గా తనకి రాని చోటునే దాటేస్తున్నాడు.

మీ ఇంట్లో ఇలా జరుగుతోందో లేదో తెలుసుకోవడానికి పోలీసుపని అక్కర్లేదు. చాలా యాప్‌లలో చేసిన పాఠాల చరిత్ర ఉంటుంది. అందులో ఒకే పాఠం పేరు పదేపదే కనబడుతోందా చూడండి. మార్కులు ఎప్పుడూ నూటికి నూరే ఉంటే సంతోషించకండి, అనుమానించండి. నేర్చుకునేవాళ్లు తప్పులు చేస్తారు. ప్రశ్న చదవడానికి పట్టేంత సేపు కూడా ఆగకుండా వేలు పడుతోందంటే, ఆ పిల్ల ప్రశ్నని కాదు, బటన్ల వరసని గుర్తుపడుతోంది. ఇవి ఏవీ నేరాలు కావు కాబట్టి నేరం పట్టుకున్నట్టు మొహం పెట్టకండి. "ఈ పాఠం ఇన్నిసార్లు ఎందుకు చేశావమ్మా?" అని అడిగితే "ఇది ఈజీ, పాయింట్లు తొందరగా వస్తాయి" అని పిల్లలే దాపరికం లేకుండా చెబుతారు. అప్పుడు మాట్లాడటం తేలిక.

స్ట్రీక్ సంగతి వేరు. పాయింటు నడిచేది వస్తుందన్న ఆశ మీద, స్ట్రీక్ నడిచేది పోతుందన్న భయం మీద. మొదటి రెండు మూడు వారాలు అది మంచే చేస్తుందని నా అభిప్రాయం. రోజూ ఒక వేళకి కూర్చునే అలవాటు పిల్లలకి దానంతటది రాదు. వంద దాటాక వ్యవహారం మారుతుంది. పెళ్లికో తిరుపతికో వెళ్లినప్పుడు, జ్వరం వచ్చినప్పుడు, రాత్రి పదకొండింటికి "నాన్నా, స్ట్రీక్ పోతుంది, ఒక్కసారి ఫోనివ్వు" అని ఏడుపు. కొన్ని ఇళ్లలో పిల్ల నిద్రపోతే తల్లే ఆ రోజు పాఠం పూర్తిచేసి పెడుతుంది. ఆ రోజు ఎవరు ఏం నేర్చుకున్నట్టు?

స్ట్రీక్ ఎంత బలంగా లాగుతుందో చూపించే ఒక ఉదాహరణ పెద్దవాళ్ల ప్రపంచంలోంచే ఉంది. ప్రోగ్రామర్లు తమ కోడ్ పెట్టుకునే గిట్‌హబ్ అనే వెబ్‌సైట్ 2016లో తమ సభ్యుల పేజీల మీద స్ట్రీక్ లెక్క చూపించడం ఉన్నట్టుండి ఆపేసింది. దాన్ని ఆధారంగా చేసుకుని పరిశోధకులు ముందూ వెనకా పోల్చి చూశారు. సుదీర్ఘమైన స్ట్రీకులు బాగా తగ్గిపోయాయి, శని ఆదివారాల పని తగ్గింది, ఆ రోజు ఒక్కటంటే ఒక్కటి చేసి వదిలేసే మొక్కుబడి పని కూడా తగ్గింది. సంపాదనపరులైన ఇంజినీర్లనే ఒక అంకె సెలవు రోజున కూర్చోబెట్టగలిగినప్పుడు పదకొండేళ్ల పిల్ల సంగతి చెప్పాలా?

స్ట్రీక్ తెగితే ఏమవుతుందన్నది ఇంకా ముఖ్యం. జాకీ సిల్వర్‌మన్, అలిక్సాండ్రా బరాష్ 2023లో ప్రచురించిన పరిశోధనలో, తెగిన స్ట్రీకుని కళ్లముందు పెట్టి చూపిస్తే జనం ఆ పనిని కొనసాగించడమే తగ్గిస్తారని తేలింది. రెండు వందల రోజులు చేసిన పిల్ల ఒక్క రోజు తప్పగానే "పోయిందిగా, ఇంకెందుకు" అని మానేయడం అందుకే. నేర్చుకున్నది ఎక్కడికీ పోలేదు, అంకె మాత్రమే సున్నాకి వచ్చింది. ఆ తేడా పిల్లకి కనబడదు, మీరు చూపించాలి. అందుకని స్ట్రీక్ పెద్దది కాకముందే ఒక నియమం పెట్టుకోండి. వారంలో ఒక రోజు సెలవు, ఊరికెళ్తే సెలవు, ఒంట్లో బాగాలేకపోతే సెలవు. కొన్ని యాప్‌లలో స్ట్రీక్ తెగకుండా ఆపే సదుపాయం ఉంటుంది, డ్యూలింగోలో దాన్ని స్ట్రీక్ ఫ్రీజ్ అంటారు. ఉంటే వాడుకోండి. లేకపోతే తెగనివ్వండి. అయితే మీరు కోపంతో ఫోన్ లాక్కోవడం వల్ల తెగితే పిల్ల మిమ్మల్నే తప్పుపడుతుంది. ముందే అనుకున్న సెలవు వల్ల తెగితే, మర్నాడు కూర్చున్నప్పుడు పాఠం ఉన్నచోటే ఉందని తనే చూస్తుంది.

లీడర్‌బోర్డు గురించి ఎక్కువ చెప్పను. ర్యాంకుల ఫ్లెక్సీల మధ్య పెరిగిన మనకి అది కొత్త కాదు. వీధి మలుపులో ఉన్నది జేబులోకి వచ్చింది, అంతే. మైకేల్ హేనస్, జెస్సీ ఫాక్స్ అమెరికాలో ఒకే కోర్సు చదువుతున్న రెండు కాలేజీ తరగతుల్ని ఒక సెమిస్టర్ పొడుగునా గమనించి 2015లో రాశారు. ఒక తరగతిలో బ్యాడ్జీలు, లీడర్‌బోర్డు పెట్టారు, ఇంకోదాంట్లో పెట్టలేదు. వారాలు గడిచేకొద్దీ బ్యాడ్జీల తరగతిలో ఆసక్తీ తృప్తీ తగ్గుతూ వచ్చాయి, ఆ ఆసక్తి తగ్గడంతో ముడిపడి చివరి పరీక్షలో మార్కులూ తగ్గాయి. ఇది ఒక్క కోర్సు కథ, అన్నిచోట్లా ఇలాగే జరుగుతుందని చెప్పలేం. కానీ అడుగున ఉండే పిల్లకి లీడర్‌బోర్డు ఎలా కనిపిస్తుందో ఒక్కసారి ఆలోచించండి. యాప్‌లో దాన్ని కనబడకుండా చేసే వీలుంటే చేసేయండి. కొన్నిటిలో ప్రొఫైల్‌ని ప్రైవేట్ చేస్తే పోటీ జాబితాలోంచి పేరు పోతుంది.

ఇదంతా చదివి గేమిఫికేషన్ అంతా మోసమేనని తీర్మానించుకోకండి. మైకేల్ సైలర్, లీసా హోమ్నర్ 2020లో అప్పటిదాకా వచ్చిన ప్రయోగాల్ని కలిపి చూసి, నేర్చుకోవడం మీద చిన్నదే అయినా నిలకడైన మేలు ఉందని తేల్చారు. ఉత్సాహం మీద కనబడిన మేలు మాత్రం కట్టుదిట్టంగా చేసిన ప్రయోగాల్లో అంత నిలకడగా లేదు. నాకైతే ఇందులో గమనించాల్సింది ఇదే. పిల్లలకి ఉత్సాహం తెస్తాయని చెప్పి అమ్మే వస్తువుల్లో ఉత్సాహం దగ్గరే రుజువు పలచగా ఉంది.

ఏది బాగా పనిచేస్తుందో చెప్పే ఒక అందమైన ప్రయోగం ఇంగ్లండులో జరిగింది. జేకబ్ హాబ్‌గుడ్ తయారుచేసిన ఆట పేరు జాంబీ డివిజన్. అందులో అస్థిపంజరాలు మీదికొస్తాయి, ఒక్కోదాని ఛాతీ మీద ఒక సంఖ్య ఉంటుంది. మీ చేతిలో ఒక్కో సంఖ్యకి ఒక్కో ఆయుధం. 18 ఉన్న అస్థిపంజరాన్ని 2తోనో 3తోనో కొడితే పడిపోతుంది, 5తో కొడితే పడదు. భాగహారం రానిదే ఆట సాగదు. హాబ్‌గుడ్, షారన్ ఎయిన్స్‌వర్త్ కలిసి ఇదే ఆటకి ఇంకో రూపం చేశారు. అందులో కత్తియుద్ధం మామూలుగా నడుస్తుంది, ఒక్కో అంచె పూర్తయ్యాక అవే భాగహారాలు క్విజ్‌గా వస్తాయి. మనకి మార్కెట్లో దొరికే చాలా యాప్‌లు ఈ రెండో రకమే. 2011లో ప్రచురించిన ఫలితాల ప్రకారం, ఏడు నుంచి పదకొండేళ్ల పిల్లలు సమానమైన సమయంలో మొదటి రకం నుంచే ఎక్కువ నేర్చుకున్నారు. రెండూ ముందు పెట్టి మీ ఇష్టం అంటే, మొదటిదాంట్లో ఏడు రెట్లు ఎక్కువసేపు గడిపారు.

యాప్ ఎంచుకునేటప్పుడు ఇది గుర్తుపెట్టుకోండి. పాయింట్లు, శబ్దాలు, నాణేలు అన్నీ తీసేసి చూడండి. అప్పుడు మిగిలేది పిల్ల ఆలోచిస్తే తప్ప ముందుకి సాగని పనేనా? అయితే పాయింట్లు ఉన్నా నష్టం లేదు. నాలుగు జవాబుల్లో ఒకటి నొక్కడమే మిగిలితే, పాయింట్లు ఎన్ని ఉన్నా లాభం లేదు. నియమాల్లో ఇంకొకటి చూడండి. కొత్త పాఠానికి ఎక్కువ, తిరగేసిన పాఠానికి తక్కువ పాయింట్లు ఇచ్చే యాప్ నయం. తప్పు చేసిన ప్రశ్ననే రెండు రోజుల తర్వాత మళ్లీ తెచ్చి ముందు పెట్టేది ఇంకా నయం. తప్పు చేస్తే ప్రాణం పోయినట్టు ఒక గుండె బొమ్మ తగ్గించేసి, డబ్బు కడితే తిరిగిస్తామనేది నాకు నచ్చదు, ఎందుకంటే అది తప్పంటే భయపడటం నేర్పుతుంది.

పాయింట్లు ఇప్పటికే అలవాటైపోయిన పిల్ల దగ్గర వాటిని ఒక్కసారిగా లాగేయకండి. కొలిచేదాన్ని మార్చండి. పాయింట్ల లెక్క యాప్ చూసుకుంటుంది, మీరు దాని గురించి అడగడం మానేయండి. "ఈ వారం ఎన్ని వచ్చాయి?" అన్న ప్రశ్న బదులు "ఈ వారం నీకు గట్టిగా తగిలిన లెక్క ఏది? నాకు చెప్పు" అనండి. మీకు రాకపోయినా ఫరవాలేదు. మీకు వివరించడానికి పిల్ల పడే తంటాయే చదువు. మెచ్చుకునేటప్పుడు కూడా చేసిన పనిని పట్టుకుని మెచ్చుకోండి. "హారాలు ముందు సమానం చేశావు చూడు, అది బాగుంది" అనడం వేరు, "శభాష్, ఇలాగే రోజూ ఫస్టు రావాలి" అనడం వేరు. రెండో మాటలో మెప్పు కన్నా హుకుం ఎక్కువ, అలాంటి మెప్పు ఇష్టాన్ని పెంచదని డెసి బృందం లెక్కల్లోనూ తేలింది.

వీటన్నిటికన్నా పనికొచ్చేది కాగితం. వారానికోసారి, ఫోన్ పక్కన పెట్టి, అంతకుముందు వారం యాప్‌లో చేసిన అంశం మీద ఐదు ప్రశ్నలు కాగితం మీద ఇవ్వండి. జవాబులు ఎంచుకునే రకం వద్దు, రాసే రకం ఇవ్వండి. అంకెలు మార్చండి, ఒకటి మాటల్లో చెప్పే లెక్కగా ఇవ్వండి. అదే రోజు కాకుండా వారం ఆగి ఇవ్వమనడానికి కారణం ఉంది. హెన్రీ రోడిగర్, జెఫ్రీ కార్పికీ 2006లో విద్యార్థుల చేత ఒక పాఠం చదివించి, కొందరి చేత దాన్ని మళ్లీ చదివించారు, కొందరి చేత చూడకుండా రాయించారు. ఐదు నిమిషాల తర్వాత పరీక్ష పెడితే మళ్లీ చదివినవాళ్లకి 81 శాతం, రాసినవాళ్లకి 75 శాతం గుర్తుంది. వారం తర్వాత పరీక్ష పెడితే చదివినవాళ్లు 42కి పడిపోయారు, రాసినవాళ్లు 56 దగ్గర నిలబడ్డారు. పాఠం అవగానే వచ్చే నూటికి నూరు ఎంతవరకు నిలుస్తుందో వారం గడిస్తేగానీ తెలియదు. పైగా, ఇలా చూడకుండా రాయించడం వల్ల కూడా గుర్తుండటం పెరుగుతుంది. పరీక్ష అనకండి, మార్కులు వేయకండి. ఐదులో రెండు పోయాయంటే ఆ వారం యాప్‌లో చేయాల్సిన పాఠాలేవో ఇద్దరికీ తెలిసిపోయినట్టే.

ఏడాది చందా కట్టమని యాప్ అడిగినప్పుడు కూడా ఇదే కాగితం వాడండి. ఉచితంగా ఇచ్చే రోజుల మొదట్లో ఐదు ప్రశ్నలు రాయించి దాచిపెట్టండి. గడువు ముగిసేముందు అంత కష్టమైనవే ఇంకో ఐదు రాయించి, రెండూ పక్కపక్కన పెట్టి చూడండి. పిల్లకి ఎన్ని పాయింట్లు వచ్చినా, ఏ లీగ్‌లో ఉన్నా, అమ్మకాల మనిషి ఫోన్లో ఏం చెప్పినా, రెండో కాగితంలో మార్పు కనబడకపోతే డబ్బు కట్టకండి.